అత్తయ్య కూర్చోవలసిన కుర్చీ

పెద్దదానికి చిన్నదంటే కడుపుమంట. ఈ సంగతి చిన్నదానికి తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు.

వాళ్ళిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. ఒకే ఇంట్లో కింద ఒక కాపురం, పైన ఒక కాపురం. ఇద్దరికీ వయసులో తేడా నెలన్నర. ఆ నెలన్నర పుణ్యానే పెద్దది పెద్దదయింది, చిన్నది చిన్నదయింది. ఒకే బడి, ఒకే బెంచీ, ఇప్పుడు ఒకే దంతవైద్య కళాశాల, అందులోనూ ఒకే బ్యాచి, ఆఖరి ఏడాది. చిన్నది నోరారా "అక్కా" అని పిలుస్తుంది కాబట్టి బ్యాచంతా కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు. మొగుడు లేని కాపురంలా పని లేని గౌరవం ఎవరిక్కావాలి, అని పెద్దది లోలోపల ఉడికిపోయేది. మార్కుల్లో ఎప్పుడూ తనదే పైచేయి. పుస్తకంలో ఏ పేజీలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కానీ పేషెంట్లు మాత్రం వచ్చి చిన్నదాని కుర్చీ దగ్గరే వరస కడతారు. "ఆ అమ్మాయి చెయ్యి మెత్తన" అంటారు. చెయ్యి మెత్తనవడానికి చదువుకున్నదేమైనా ఉందా?

ఆ కళాశాలలో పేషెంట్లంటే పిల్లలకు ప్రాణం. దయతో కాదు. ఏడాది చివర పరీక్షకు కూర్చోవాలంటే ఇన్ని పళ్ళు తీసి ఉండాలి, ఇన్ని పళ్ళకు సిమెంటు పెట్టి ఉండాలి అని లెక్క ఉంది. అందుకని పొద్దున హాలు తలుపు తీయగానే బుగ్గ వాచిన మనిషి కనబడితే చాలు, పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు ఎదురెళతారు. ఒకరి పేషెంటును ఇంకొకరు ఎగరేసుకుపోవడం అక్కడ మామూలు. కాఫీ తాగి వచ్చేసరికి కుర్చీలో మనిషి మాయం. చిన్నది ఎవరినీ ఎగరేసుకుపోదు. వాళ్ళంతట వాళ్ళే వస్తారు. అదే పెద్దదానికి మరీ మంట.

ఇల్లు చేరితే అక్కడ అత్తయ్య. వీళ్ళ నాన్నలకు ఆవిడ అక్క. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికి బట్టలు కుడుతుంది. నోటి నిండా తిట్లు, చేతి నిండా పని. చదువులో చేరినప్పుడు ఇద్దరికీ తెల్లకోట్లు ఆవిడే కుట్టింది. ఒకే గుడ్డ, ఒకే కొలత. చిన్నది అడిగిందని దాని కోటుకు లోపల ఇంకో జేబు పెట్టింది. పెద్దది అడగలేదు, అందుకని పెట్టలేదు. అడగకుండానే పెట్టొచ్చుగా అని పెద్దది ఇప్పటికీ అనుకుంటుంది.

అత్తయ్యకు చక్కెర జబ్బు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ పొడిపించుకోవాలి. ఆ పొడిచే ఉద్యోగం చిన్నదానిదే. ఒకసారి పెద్దది పొడవబోతే అత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కుని, "నీది మగ్గం సూదిలా ఉంటుందే తల్లీ, చిన్నదాన్ని రానీ" అంది. అందరూ నవ్వారు. పెద్దది కూడా నవ్వింది. నవ్వుతూనే మేడెక్కి తలుపు వేసుకుంది.

ఈ మంట మీద నూనె పోసింది ఒక వస్తాదు.

నిజంగా వస్తాదో కాదో తెలియదు గానీ మనిషి తలుపంత ఉన్నాడు. చిన్నదాని కుర్చీలో కూర్చుని, సూది చూసి, రెండుసార్లు ఆవులించాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. "కడుపులో తిప్పుతోందమ్మా" అన్నాడు. అంటూనే తల వాల్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కెవ్వుమన్నారు. చిన్నది మాత్రం సూది పక్కన పెట్టి, కుర్చీని వెనక్కి పూర్తిగా వాల్చింది. కాళ్ళు ఎత్తి కింద దిండు పెట్టింది. చొక్కా పై బొత్తాములు విప్పింది. ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి విన్నది, మెడ మీద వేలు పెట్టి నాడి చూసింది. "నాడి నెమ్మదిగా ఉంది. భయపడ్డాడంతే" అంది. నిమిషం తిరక్కుండా వస్తాదు కళ్ళు తెరిచి, సిగ్గుపడి, "పన్ను వచ్చేసిందా?" అని అడిగాడు.

అంతే. మనిషిని పడుకోబెట్టి కాళ్ళెత్తడం కూడా ఒక విద్యేనా? ప్రొఫెసరు మేడమ్ అదే రోజు చిన్నదాన్ని హాలు మధ్య నిలబెట్టి భుజం తట్టింది. కింది ఏడాది పిల్లలకు ఈ పాఠం ఇకనుంచి నువ్వే చేసి చూపించు అంది.

ఆ సందర్భంగా మేడమ్ అందరికీ మళ్ళీ ఒకసారి చెప్పింది. ఆవిడ గొంతు పెంచదు, చెప్పిందే చెబుతుంది. "కుర్చీలో మనిషి తేడాగా ఉంటే ముందు పని ఆపండి. నోట్లో దూది, పనిముట్లు ఉంటే తీసెయ్యండి. పడుకోబెట్టండి. ఊపిరి చూడండి. సాయానికి మనిషిని పిలవండి. పిలవడానికి సిగ్గుపడకండి. ఆ తర్వాత ఆలోచించండి, ఇది భయమా, చక్కెర పడిపోయిందా, మందు పడలేదా అని. భయంతో పడిపోయినవాడు పడుకోబెట్టగానే తేరుకుంటాడు. తేరుకోలేదంటే అది భయం కాదు. చక్కెర తగ్గినవాడికి చెమటలు, వణుకు, గుండెదడ, ఊరికే చిరాకు, పొంతన లేని మాటలు. తెలివిలో ఉంటే తీపి తాగించండి. తెలివి లేకపోతే నోట్లో చుక్క పొయ్యొద్దు, ఇంజక్షనే. మందు పడనివాడికి ఒళ్ళు దద్దుర్లు, పెదాల వాపు, పిల్లికూతలు, నాడి జారిపోవడం. వాడికి తొడ పక్కన కండలో అడ్రినలిన్. చూద్దాంలే అనొద్దు."

పెద్దదానికి ఇదంతా కంఠతా వచ్చు. అసలు చిన్నదానికి పరీక్షల ముందు చెప్పిందే తను. ఆ రోజు నుంచీ ఆమెకు ఒకటే కోరిక. తన కుర్చీలో కూడా ఎవరో ఒకరు పడిపోవాలి. పడిపోవాలి, తను లేపాలి, మేడమ్ చూడాలి. సూది చేతిలో పట్టుకుని ప్రతి పేషెంటు ముఖంలోకీ ఆశగా చూసేది. ఒక్కడూ పడిపోలేదు. అందరూ ఉక్కుముక్కల్లా కూర్చుని నోరు తెరిచేవారు.

అలాంటి రోజుల్లో అత్తయ్యకు కింది దవడ పన్ను ఒకటి ఊగడం మొదలుపెట్టింది.

"తీయించుకోవాల్సిందే" అంది చిన్నది, లైటు వేసి చూసి.

"నువ్వే తియ్యి మరి" అంది అత్తయ్య. "నీ చేతిలో అయితే నాకు భయం లేదు."

పెద్దది అక్కడే ఉంది. అన్నం కలుపుతోంది. ఆ ముద్ద ఎలా మింగిందో ఆమెకే తెలియాలి. అత్తయ్య పన్ను తీయడం అంటే పన్ను తీయడమా? మర్నాటి నుంచి మిషను దగ్గరకొచ్చే ప్రతి ఆడమనిషికీ అత్తయ్య ఆ కథ చెబుతుంది. వీధి మొత్తం వింటుంది. చిన్నది, చిన్నది, చిన్నది.

రోజు కుదిరింది. ముందురోజు రక్తపరీక్ష చేయించారు, చక్కెర అదుపులోనే ఉందని వచ్చింది. మర్నాడు పదకొండింటికి చిన్నదాని కుర్చీ అని మేడమ్‌కు చెప్పారు. పొద్దున్నే కింది ఏడాది పిల్లలకు పాఠం చూపించాలి కాబట్టి చిన్నది ముందే బయలుదేరింది. వెళ్ళేముందు అత్తయ్యకు ఇన్సులిన్ పొడిచి, మెట్ల దగ్గర ఆగి పెద్దదానితో, "అక్కా, ఇంజక్షన్ అయిపోయింది. అత్తయ్య తిన్నాకే బయలుదేరదీయి. తీరిగ్గా పదకొండుకి వస్తే చాలు" అంది.

"నాకు తెలీదా ఏంటి?" అంది పెద్దది.

తెలుసు. అంతా తెలుసు. అయినా చిన్నది వీధి మలుపు తిరగ్గానే ఆమె బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. ఇప్పుడే తీసుకెళితే? చిన్నది పాఠంలో ఉంటుంది. తన కుర్చీ ఖాళీ. పన్ను ఊగుతూనే ఉంది, పది నిమిషాల పని. పాఠం ముగించుకుని అది వచ్చేసరికి అత్తయ్య దూది కొరుక్కుని కూర్చుని ఉంటుంది. కాలేజీలో అందరూ చేసేదే కదా ఇది.

అత్తయ్య అప్పుడే పొయ్యి వెలిగించబోతోంది.

"అత్తయ్యా, వచ్చాక తిందువుగానిలే, పద. ఆలస్యమైతే జనం ఎక్కువైపోతారు."

"తినకుండానా? చిన్నది తినమంది."

"పన్ను తీసేముందు కడుపు ఖాళీగా ఉంటేనే మంచిది" అంది పెద్దది.

ఇది శుద్ధ అబద్ధం. మత్తు ఒక్క చిగురుకే ఇచ్చి పన్ను తీసేటప్పుడు తినే రావాలి. మొదటి ఏడాది పిల్లలు కూడా చెబుతారు. కానీ డాక్టరమ్మలా తెల్లకోటు వేసుకుని చెబితే ఎవరు మాత్రం కాదంటారు? అత్తయ్య పొయ్యి ఆర్పి చెప్పులు వేసుకుంది. అరగంటలో అయిపోతుంది, వెంటనే క్యాంటీన్‌లో తినిపిస్తాను, కొంప మునిగిపోదు, అని పెద్దది తనకు తానే నచ్చజెప్పుకుంది.

తానొకటి తలిస్తే ఎక్స్‌రే గది ఇంకొకటి తలిచింది. అక్కడ పెద్ద వరస. ఫిల్ము తీయించి, చూపించి, డ్యూటీ డాక్టరు దగ్గరకు వచ్చేసరికి చాలాసేపయింది. ఆయన చేతిలో ఇంకెవరి పన్నో ఉంది. తలెత్తకుండానే అడిగాడు.

"షుగరుందన్నావు. ఎంత?"

"నిన్నటి రిపోర్టు బాగుంది సార్."

"తిన్నారా?"

"తిన్నారు సార్" అంది పెద్దది. నిజానికి ఈ రోజు మళ్ళీ వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగరు చూడాల్సింది. చూస్తే ఎంత వస్తుందో అని లోపలెక్కడో అనుమానం. అనుమానం ఉంది కాబట్టే చూడలేదు. ఆయన సరే కానీమన్నాడు.

అత్తయ్యను కూర్చోబెట్టి మెడకు గుడ్డ కట్టింది. ఎన్నడూ లేనిది చెయ్యి వణకలేదు. సూది దవడ లోపలికి నెమ్మదిగా దింపి, మందు చుక్క చుక్కగా వదిలింది. మగ్గం సూది అన్నావే, ఇప్పుడు చెప్పు అనుకుంది. అత్తయ్య కిమ్మనలేదు. పెదవి మొద్దుబారే దాకా ఆగాలి కాబట్టి పెద్దది పక్కనే స్టూలు మీద కూర్చుంది. జీవితంలో అంత హాయిగా ఆమె ఎప్పుడూ కూర్చుని ఉండదు.

కాసేపటికి అత్తయ్య కదలడం మొదలుపెట్టింది. గుడ్డ పట్టుకుని పీకింది.

"చిన్నదేది?"

"పాఠంలో ఉంది అత్తయ్యా. నేనున్నానుగా."

"నువ్వొద్దు. నాకేదోలా ఉంది. చిన్నదాన్ని పిలు."

"అయిపోతుంది, ఒక్క ఐదు నిమిషాలు."

"పిలవ్వే!" అని అత్తయ్య కసిరింది. పక్క కుర్చీల వాళ్ళు తలలు తిప్పి చూశారు. "పనికిమాలిన దానివి, నీకేం తెలుసు. చిన్నదైతే ఈపాటికి… చిన్నదాన్ని పిలు."

పెద్దదాని చెవులు ఎర్రబడ్డాయి. సూది నొప్పి తెలియకుండా ఇచ్చాక కూడా చిన్నదే కావాలా? అందరి ముందూ పనికిమాలిన దాన్నా? ఆ క్షణంలో ఆమెకు కనబడింది ఒక్కటే, తనను ఎప్పుడూ పక్కకు నెట్టే అత్తయ్య. అత్తయ్య నుదుటి మీద చెమట కూడా కనబడింది. లైటు వేడి అనుకుంది. చేతులు వణుకుతున్నాయి. కోపం అనుకుంది. చక్కెర తగ్గితే ఊరికే చిరాకు, పొంతన లేని మాటలు, అని మేడమ్ చెప్పింది మొత్తం కంఠతా వచ్చిన పిల్ల, ఆ చిరాకు తనమీదికొచ్చేసరికి ఒక్క ముక్క గుర్తుపట్టలేకపోయింది. మొహం అటు తిప్పుకుని పనిముట్లు సర్దుకుంది.

అత్తయ్య తిట్టడం ఆపేసింది. మిషనుకు దారం ఎక్కించలేదు, దారం ఎక్కించలేదు అని గొణిగింది. తర్వాత అది కూడా లేదు. పెద్దది తిరిగి చూసేసరికి తల ఒక పక్కకు వాలి ఉంది.

సిగ్గుచేటు గానీ, జరిగింది చెప్పుకోవాలి. పెద్దదానికి మొదట కలిగింది భయం కాదు. వచ్చింది, నా వంతు వచ్చింది, అనిపించింది.

అంతా పుస్తకంలో ఉన్నట్టే చేసింది. నోట్లో దూది తీసేసింది. కుర్చీ వాల్చింది. కాళ్ళెత్తింది. రవిక హుక్కు వదులు చేసింది. ఊపిరి ఆడుతోంది. నాడి మీద వేలు పెట్టింది. నాడి గబగబా పరుగెడుతోంది. భయంతో పడిపోయినవాడికి నాడి నెమ్మదిస్తుందని ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని పక్కకు నెట్టింది. ఇది భయమే అయి తీరాలి. సూది వేశాను, భయపడింది, పడిపోయింది, ఇప్పుడు లేస్తుంది, అంతా చూస్తారు.

అత్తయ్య లేవలేదు.

"అత్తయ్యా. అత్తయ్యా, ఇటు చూడు."

చెమటతో ముద్దగా తడిసిపోయింది రవిక. అప్పుడు భయం పట్టుకుంది పెద్దదాన్ని. ఇచ్చిన మందు పడలేదేమో అనుకుంది. హాలు మూల ఎర్ర తోపుడుబండి మీద అత్యవసర మందుల పెట్టె ఉంటుంది. పరుగెత్తి అడ్రినలిన్ తెచ్చింది. తీరా వచ్చి చూస్తే ఒంటి మీద ఒక్క దద్దురు లేదు. పెదాలు వాయలేదు. ఊపిరిలో పిల్లికూత లేదు. చేతిలో మందు, ఎదురుగా అత్తయ్య. ఏమయిందో ఆమెకు తెలుసు. ఇంట్లో పొయ్యి ఆర్పించినప్పటి నుంచే తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రావడం లేదు.

హాలు అవతలి గదిలో చిన్నది ఉంది. ఒక్క కేక దూరం. ఆ కేక వేస్తే ఏముంది, మళ్ళీ చిన్నదే వస్తుంది, చిన్నదే లేపుతుంది. వేయకపోతే అత్తయ్య ఉండదు. ఇంతటి విషయం దగ్గర కూడా ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆగానని ఆమెకు తెలుసు. ఆ తర్వాత హాలు అదిరిపోయేలా చెల్లెల్ని పిలిచింది.

చిన్నది పరుగెత్తుకొచ్చింది. తన కుర్చీలో ఉండాల్సిన అత్తయ్య అక్కడెందుకుందో అడగలేదు. ముఖం చూసింది, మెడ తాకింది.

"అక్కా, తిన్నదా?"

"తిన్నది" అంది పెద్దది.

ఆ మాట దానంతటదే వచ్చేసింది. పొద్దున ఒకసారి చెప్పిన అబద్ధం కదా, దారి తెలుసు దానికి.

చిన్నది నమ్మేసింది. అక్క మాట ఎప్పుడు నమ్మలేదు గనక? "అయితే చక్కెర కాకపోవచ్చు" అంటూ అత్తయ్య చేతులు పైకెత్తి దద్దుర్ల కోసం వెతికింది. "మందు పడలేదేమో. ఏమిచ్చావు? ఎంతిచ్చావు? ఆ అడ్రినలిన్ ఇటివ్వు. ఎవరన్నా పక్క గదిలోంచి షుగరు మిషను తెండి, మేడమ్‌ని పిలవండి." అటెండరు పరుగెత్తాడు.

పెద్దది చూస్తూ నిలబడింది. చిన్నది తప్పుదారిన పోతోంది. పుట్టాక మొట్టమొదటిసారి అందరి ముందూ చిన్నది తప్పు చేస్తోంది. పెద్దదాని గుండెల్లో ఎక్కడో ఒక మూల తీయగా అనిపించింది. ఆ తీపి తెలిసిన మరుక్షణం ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

"తినలేదు" అంది, చెల్లెలి చెవిలో. "ఇన్సులిన్ తర్వాత ఏమీ తినలేదు. నేనే తిననివ్వలేదు."

చిన్నది ఒక్కసారి తలెత్తి చూసింది. అంతే. అడ్రినలిన్ కింద పెట్టేసింది. ఇద్దరూ కలిసి అత్తయ్యను పక్కకు తిప్పారు, వాంతయినా ఊపిరిలోకి పోకుండా. అటెండరు షుగరు మిషనుతో పాటు గ్లాసు నిండా గ్లూకోజు నీళ్ళు కూడా పట్టుకొచ్చి, మంచి చేద్దామని, గ్లాసు అత్తయ్య నోటి దగ్గర పెట్టబోయాడు. పెద్దది ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. మింగే తెలివి లేదు. పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

చిన్నది వేలి చుక్క తీసింది. మిషను ముప్పై రెండు చూపించింది. డెబ్బైకి దిగితేనే కంగారు పడాలి. పెట్టెలో రక్తంలో చక్కెర పెంచే ఇంజక్షను, గ్లూకగాన్, పొడి ఒక సీసాలో, నీళ్ళు ఒక సిరంజిలో ఉంటాయి. కలపాలి. చిన్నదాని చేతులు అప్పుడు వణకడం మొదలుపెట్టాయి. మెత్తని చేతులు సీసా మూత తీయలేకపోయాయి. పెద్దది తీసుకుంది. నీళ్ళు సీసాలోకి ఎక్కించి, పొడి కరిగే దాకా తిప్పి, సిరంజిలోకి లాగి, అత్తయ్య తొడ పక్కన కండలో పొడిచింది. ఈ లోపల మేడమ్ వచ్చి ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టించింది, అంబులెన్సుకు చెప్పించింది, నరం వెతికి గ్లూకోజు ఎక్కించడానికి సిద్ధపడింది. ఇంజక్షను కాలేయంలో దాగిన చక్కెరను రక్తంలోకి తోయడానికి కొంతసేపు పడుతుంది. ఆ కొంతసేపు పెద్దది అత్తయ్య పాదం పట్టుకుని నిలబడింది. మిషను తొక్కీ తొక్కీ కాయ కాసిన పాదం.

అత్తయ్య కనురెప్పలు కదిలాయి. మూలిగింది. కాస్త వాంతి చేసుకుంది. తర్వాత కళ్ళు తెరిచి, చుట్టూ నిలబడ్డ తెల్లకోట్లను చూసి, "ఏంట్రా ఈ సంత?" అంది. మొద్దుబారిన పెదవితో మాట వంకరగా వచ్చింది.

అప్పుడు గ్లాసు ఇచ్చారు. తాగింది. మళ్ళీ చుక్క తీశారు, అంకె పైకి పాకింది. అంబులెన్సువాళ్ళు వచ్చి చూసి, ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈ పూటంతా కనిపెట్టి ఉండాలన్నారు, స్ట్రెచరు సిద్ధం చేస్తున్నారు. మేడమ్ చేతులు కడుక్కుని వచ్చింది.

"ఇన్సులిన్ వేసుకున్న మనిషి ఖాళీ కడుపుతో నా హాల్లోకి ఎలా వచ్చింది?" అంది, మామూలు గొంతుతో.

పెద్దది తేలు కుట్టిన దొంగలా నిలబడింది. డ్యూటీ డాక్టరు ఆమె వైపు చూశాడు. ఆయన నోరు తెరిచేలోపే చిన్నది అంది.

"నా పొరపాటే మేడమ్. పొద్దున ఇంజక్షన్ ఇచ్చింది నేను. తినిపించి తీసుకురమ్మని అక్కకి చెప్పడం మరిచిపోయాను. తిన్నారనే అక్క అనుకుంది."

మేడమ్ ముఖం మారింది. "నువ్వా? పిల్లలకి పాఠం చెప్పేదానివి నువ్వా?"

చిన్నది తల దించుకుంది.

పెద్దది ఎన్నాళ్ళుగానో కోరుకున్నది ఇదే. చిన్నది మేడమ్ ముందు తల దించుకోవాలి. ఇప్పుడు దించుకుంది. తను ఏమీ చేయనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. మెట్ల దగ్గర ఆగి చిన్నది చెప్పిన మాట ఇంకెవరూ వినలేదు. అత్తయ్యకు పొద్దుటి సంగతులు గుర్తుండకపోవచ్చు, చక్కెర అంత పడిపోయినవాళ్ళకు ఉండకపోవచ్చని పుస్తకంలోనే ఉంది. పెద్దది ఊరుకుంది. చెల్లెలి దించిన తలకేసి చూసింది. చిన్నది అత్తయ్య గడ్డం మీద కారిన గ్లూకోజు నీళ్ళను ఆవిడ కొంగుతోనే తుడుస్తోంది. అక్క వైపు కూడా ఒకసారి చూసింది. ఆ చూపులో నింద లేదు. కనీసం గుర్తుపెట్టుకో అన్న హెచ్చరిక కూడా లేదు.

అదే పెద్దది తట్టుకోలేకపోయింది. పేషెంట్లు దానివే, మేడమ్ దానిదే, అత్తయ్య దానిదే, ఇప్పుడు ఈ మంచితనం కూడా దానిదేనా? తను తప్పు చేస్తే ఆ తప్పులోంచి కూడా పుణ్యం అదే మూటగట్టుకుంటుందా? వీల్లేదు. ఇంతైనా తనది తనకుండాలి.

"అబద్ధం మేడమ్" అంది పెద్దది. "అది చెప్పింది. తినిపించి తీసుకురమ్మని మెట్ల దగ్గర ఆగి మరీ చెప్పింది. నేనే తినొద్దన్నాను. అత్తయ్య దాని కుర్చీలో కూర్చోకూడదని ముందే తీసుకొచ్చేశాను. సార్ అడిగితే తిన్నారని చెప్పాను. షుగరు చూడలేదు. ఒంట్లో బాగోలేదు, దాన్ని పిలవమంటే నన్ను తిడుతోందనుకుని పిలవలేదు."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. చిన్నది వచ్చి అడిగినప్పుడు కూడా తిన్నదనే చెప్పానని, అది కూడా చెప్పేసింది.

మేడమ్ చెయ్యి చాచి ఆ కుర్చీ మీది లైటు ఆర్పింది.

"చెప్పావు. బాగుంది. అయినా ఈ ఏడాది నువ్వు పేషెంటుని ముట్టుకోవు."

దాని అర్థం అక్కడున్న పిల్లలందరికీ తెలుసు. కేసులు నిండవు. పరీక్షకు కూర్చోనివ్వరు. అందరూ డాక్టర్లయి వెళ్ళిపోతారు, ఈమె కింది ఏడాది పిల్లలతో కలిసి మళ్ళీ రాయాలి. ఇంట్లో చిన్నది ముందు డాక్టరవుతుంది. నెలన్నర పెద్దరికం కూడా పోయింది. పెద్దది "సరే మేడమ్" అంది. ఇంత పోయాక కూడా లోపల ఆ మంట ఆరలేదు. కాస్త తగ్గిందేమో, అంతే.

మేడమ్ వెళ్ళిపోయింది, జనం పలచబడ్డారు. అక్కచెల్లెళ్ళిద్దరూ స్ట్రెచరుకు చెరోపక్కా మిగిలారు.

"ఎందుకు చెప్పావక్కా?" అంది చిన్నది, ఏడుపు గొంతుతో. "నేను చచ్చినా ఎవరితోనూ చెప్పేదాన్ని కాదు."

"తెలుసే" అంది పెద్దది. "చెప్పవని తెలిసే చెప్పాను."

చిన్నదానికి అర్థం కాలేదు. దానికి ఇవి ఎప్పుడూ అర్థం కావు. అర్థమైంది అత్తయ్యకు. ఆవిడ పడుకునే అంతా వింది. మాట వంకర పోతున్నా కళ్ళు మాత్రం ఎప్పటిలాగే సూటిగా ఉన్నాయి. పెద్దది ఆ కళ్ళలోకి చూడలేక, తిట్ల కోసం తల వంచి నిలబడింది. ఇంటి కప్పు ఎగిరిపోయేలా తిట్టే మనిషి. తిడితే బాగుండును.

క్యాంటీన్ నుంచి అటెండరు రొట్టె, పాలు తెచ్చి పెద్దదాని చేతిలో పెట్టి వెళ్ళాడు.

"నిన్ను తిట్టాలంటే చాలా ఓపిక కావాలే" అంది అత్తయ్య. "ముందు తినిపించు."

పెద్దది రొట్టెను పాలలో ముంచి, మొద్దుబారిన పెదవిని పళ్ళు కొరక్కుండా, రెండో వైపు నుంచి ముక్క ముక్కగా నోట్లో పెట్టింది. అత్తయ్య నములుతూ, మింగుతూ, చివరి ముక్క అయిపోయే దాకా ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు.